కస్టమర్ జారిపడితే బీమా కంపెనీకి ఏం రాయాలి, ఎక్కడ ఆపాలి?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న మీల్స్ హోటల్. 12వ తేదీ ఆదివారం మధ్యాహ్నం చేతులు కడుక్కునే చోట ఒక పెద్దాయన జారిపడ్డారు, మణికట్టు విరిగింది. ఆసుపత్రికి నేనే తీసుకెళ్లి ఎక్స్‌రేకి, కట్టుకి 6,500 రూపాయలు కట్టాను. ఇప్పుడు వాళ్లబ్బాయి ఆపరేషన్ ఖర్చు కూడా నన్నే పెట్టుకోమంటున్నాడు. పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఉంది, వచ్చే నెల 20న అయిపోతుంది. లాయర్ నోటీసు వచ్చాక చూద్దామని ఏజెంట్ అంటున్నాడు. ఇప్పుడే కంపెనీకి రాస్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందా సార్?

జవాబు: అవదు. ఏజెంట్ మాట పక్కన పెట్టి ఈరోజే రాయండి.

తొందర ఎందుకంటున్నానో చెబుతాను. మన దగ్గర పబ్లిక్ లయబిలిటీ పాలసీలు చాలావరకు ‘క్లెయిమ్స్ మేడ్’ పద్ధతిలో ఉంటాయి. ప్రమాదం ఏ రోజు జరిగిందన్నది ఒక్కటే చూడరు, పరిహారం కావాలని అవతలివాళ్లు మిమ్మల్ని ఏ రోజు అడిగారన్నదీ చూస్తారు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి ఆ కుటుంబానికి రెండేళ్ల గడువుంది. మీ పాలసీకి మిగిలింది నెల పైచిలుకు. లాయర్ నోటీసు ఆరు నెలల తర్వాత వచ్చిందనుకోండి, అది ఏ పాలసీ కిందికి వస్తుందన్న పేచీ మొదలవుతుంది. ఇలాంటి పాలసీల్లో సాధారణంగా ఒక వెసులుబాటు ఉంటుంది: క్లెయిమ్‌కి దారితీసే ఘటనను గడువులోగా తెలియజేసి, కంపెనీ దాన్ని స్వీకరిస్తే, క్లెయిమ్ తర్వాత వచ్చినా ఈ పాలసీ కాలంలోనే వచ్చినట్టు చూస్తారు. మీ పాలసీ పుస్తకంలో ‘నోటిఫికేషన్’ అన్న మాట వెతికి, ఆ పేరా చదవండి. మీది ఆ పద్ధతి పాలసీ కాకపోయినా, వీలైనంత త్వరగా రాతపూర్వకంగా తెలపాలన్న షరతు ఎలాగూ ఉంటుంది. ఏజెంట్‌కి ఫోన్ చేసి చెప్పడం దాని కిందికి రాదు.

ఇక మీ భయం సంగతి. అదే షరతుల్లో, కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదు, డబ్బిస్తామని మాటివ్వకూడదు, రాజీ కుదుర్చుకోకూడదు అని ఉంటుంది. అందుకే కొందరు అసలు రాయడమే మానేస్తారు. నిజానికి ఆ షరతు జరిగింది చెప్పొద్దనదు. ఎవరి తప్పో మీరే తేల్చేయొద్దంటుంది, అంతే. ఉత్తరం ఇలా ఉంటే చాలు. ఇంగ్లిష్‌లో పంపినా ఇదే వరస ఉంచండి:

“మా పాలసీ నంబరు ఫలానా. 12వ తేదీ ఆదివారం మధ్యాహ్నం సుమారు 1:40కి మా హోటల్‌లో వాష్ బేసిన్ దగ్గర ఒక కస్టమర్ కిందపడ్డారు. కుడి మణికట్టు విరిగిందని ఆసుపత్రిలో చెప్పారు. ఆ సమయంలో అక్కడ ఇద్దరు సర్వర్లు, ఒక క్లీనింగ్ బాయ్ ఉన్నారు. సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరిచాం. మానవతా దృష్టితో ఆ రోజు ఆసుపత్రిలో 6,500 రూపాయలు నేను చెల్లించాను. 15వ తేదీన వారి కుమారుడు ఫోన్ చేసి ఆపరేషన్ ఖర్చు అడిగారు. లిఖితపూర్వకంగా ఇంతవరకు ఏమీ రాలేదు. పాలసీ షరతు ప్రకారం ఈ ఘటనను తెలియజేస్తున్నాను. దీన్ని బాధ్యత అంగీకారంగా భావించవద్దు. ఇకపై ఏం చేయాలో రాతపూర్వకంగా తెలపగలరు.”

అబ్బాయి ఫోన్ చేసిన అసలు తేదీ వేసుకోండి. ఇందులో ‘వల్ల’ అన్న మాట ఎక్కడా లేదు, గమనించారా? మీరు ఆపుకోవాల్సింది ఆ మాటనే. “నేల తడిగా ఉంది” అన్నది కళ్లతో చూసిన సంగతి. మీరు చూసి ఉంటే రాయండి, సర్వర్ చూసి ఉంటే “ఫలానా సర్వర్ చెప్పిన ప్రకారం” అని రాయండి. “మావాడు సరిగ్గా తుడవకపోవడం వల్ల పడ్డారు” అన్నది తీర్పు, అది మీరు రాయాల్సింది కాదు. అలాగే “ఆయనే చూసుకోకుండా నడిచారు” అన్నదీ తీర్పే. ఆవేశంలో చాలామంది ఈ రెండోది రాసేస్తారు, రేపు కెమెరాలో వేరేలా కనిపిస్తే మీ మాటకు విలువ పోతుంది.

తీర్పు రాయొద్దన్నానని నిజం దాచకండి. ఆ రోజు కంగారులో వాళ్లబ్బాయికి “సారీ అన్నా, ఖర్చంతా నేను చూసుకుంటా” అని వాట్సాప్‌లో పెట్టి ఉంటే, ఆ సంగతి కూడా కంపెనీకి చెప్పి స్క్రీన్‌షాట్ జతచేయండి. మెసేజ్ తుడిచేయకండి, అవతలి ఫోన్‌లో అది అలాగే ఉంటుంది. కంపెనీ దాన్ని మీ నోట వినడం వేరు, అవతలి లాయర్ కాగితాల్లో చూడడం వేరు. నాకు తెలిసిన ఒక బేకరీ ఆయన ఉత్తరం బాగానే రాశాడు గానీ, దాపరికం లేదని చూపించుకోవడానికి దాని కాపీ కస్టమర్‌కి కూడా పంపాడు, పైన తన చేత్తో “మా పొరపాటుకి బీమా వస్తుంది, కంగారు పడకండి” అని రాసి! ఆ ఒక్క వాక్యం దగ్గరే కంపెనీతో నెలల తరబడి వాదన నడిచింది.

ఆ అబ్బాయి మళ్లీ ఫోన్ చేస్తే మొహం చాటేయకండి. “నాన్నగారికి ఎలా ఉంది? మీరడిగిన విషయం రాతపూర్వకంగా పైకి పంపాను, జవాబు రాగానే చెబుతాను” అనండి. పరామర్శ తప్పు ఒప్పుకోవడం కాదు. పాలసీ ఎన్ని లక్షలకుందో మాత్రం చెప్పకండి. బిల్లుల కాపీలు ఇస్తే తీసుకోండి, “ముట్టినవి” అని మాత్రమే రాసివ్వండి.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. ఊరికే ఉదాహరణకి, ఆపరేషన్, మందులు, పని నష్టం కలిపి 1,80,000 రూపాయలకు తేలిందనుకుందాం, మీ పాలసీలో ఎక్సెస్ 25,000 ఉందనుకుందాం. చట్టప్రకారం బాధ్యత మీదే అని తేలితే మొదటి 25,000 మీ జేబులోంచి, మిగతా 1,55,000 కంపెనీ నుంచి. గొడవ వదిలించుకుందామని మీరు ముందే 60,000 చేతిలో పెట్టారనుకోండి, అనుమతి లేకుండా ఇచ్చిన ఆ సొమ్మును కంపెనీ లెక్కలోకి తీసుకోకపోవచ్చు, పైగా షరతు తప్పారని మిగతాదానికీ అడ్డుపడొచ్చు. 6,500 సంగతంటారా, తిరిగొస్తుందని ఆశ పెట్టుకోకండి. ఈ పాలసీ చెల్లించేది మీ చట్టపరమైన బాధ్యతకి, మీ మంచితనానికి కాదు.

ఉత్తరం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. సీసీ కెమెరా రికార్డర్‌లో పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కిపోతుంటాయి, కొన్నింటిలో రెండు వారాలకే. పడడానికి అరగంట ముందు నుంచి ఆయన్ని ఆటో ఎక్కించేదాకా పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి. బేసిన్ దగ్గర పట్టా గానీ, ‘తడి నేల’ బోర్డు గానీ ఉండి ఉంటే అవెక్కడున్నాయో దృశ్యంలో తెలుస్తుంది. ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి, కత్తిరించకండి.

పాలసీ షెడ్యూల్ మీదున్న ఈమెయిల్‌కి పంపి, అదే కాగితాన్ని పాలసీ ఇచ్చిన ఆఫీసుకి స్పీడ్ పోస్ట్‌లో వేసి రసీదు దాచుకోండి. క్లెయిమ్ నంబరు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. తర్వాత లాయర్ నోటీసు గానీ, కమిషన్ నుంచి కాగితం గానీ వస్తే, మీరు జవాబివ్వకుండా అదే రోజు కంపెనీకి పంపండి. జవాబుకి గడువుంటుంది కాబట్టి కవరు మీద అందిన తేదీ వేసుకోండి.

వచ్చే నెల రెన్యువల్ ఫారంలో “క్లెయిమ్‌కి దారితీయగల ఘటనలు ఏమైనా ఉన్నాయా” అని అడిగితే ‘లేవు’ అని టిక్ పెట్టేది మీ ఏజెంటే అయినా, సంతకం మీదవుతుంది. ఫారం మీరే నింపి, ఈ ఉత్తరం తేదీ, క్లెయిమ్ నంబరు అందులో రాయండి.