గట్టు మీది ఫోటోలో ఏడు పిట్టలు

అమ్మా సుజాతా,

శింగనమల చెరువు ఫోటోలు చూసినాను. సూర్యుడికి ఎదురుగా నిలబడి తీసినావు, పిట్టలన్నీ నల్లగా పడినాయి. "ఏవీ పనికిరావు పెదనాయనా, రంగే తెలియడం లేదు" అని రాసినావు కానీ, కొత్తవాళ్లను ఎక్కువగా పొరపాటు పట్టించేది ఆ రంగే. అది వెలుగును బట్టి మారుతుంది. ముక్కు, మెడ, నీటి మీద కూర్చున్న తీరు అంత తొందరగా మారవు. అందుకే నీ ఏడు పిట్టల ఫోటోనే తీసుకుని చెప్తాను. నువ్వు ఆరింటికి "బాతు" అనీ, గట్టు మీద ఉన్నదానికి "గూస్" అనీ రాసినావు కదా. అందులో నాలుగు బాతులే కావు.

మధ్యలో గుంపుగా ఉన్న మూడింటిని పెద్దవి చేసి చూడు. వీపు గుండ్రంగా గంప బోర్లించినట్టు ఉంది, తోక నీటికి ఆనుకుని కిందికి దిగింది, తల చిన్నది. ముక్కు కోడిముక్కు లాగా పొట్టిగా, మొన తేలి ఉంది. బాతు ముక్కు పక్క నుంచి పొడుగ్గా, పై నుంచి చూస్తే వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది. బురద నీటిని ముక్కులోకి తీసుకుని, అంచున దువ్వెన పళ్ల లాంటి వాటితో తిండిని వడగట్టుకోవాలి కాబట్టి దానికి ఆ వెడల్పు కావాలి. ఈ మూడూ బొల్లికోళ్లు, ఇంగ్లీషులో కూట్ అంటారు. ముక్కూ నుదురూ తెల్లగా ఉంటాయి. నీ ఫోటోలో ఆ తెలుపు కూడా నీడలో కలిసిపోయింది, అందుకే రంగును నమ్మొద్దన్నాను. ఇంకో గుర్తు: నువ్వు వరసగా తీసిన మూడు ఫోటోల్లో వాటి తల ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు ఉంది. బొల్లికోడి ఈదేటప్పుడు కోడి నడిచినట్టే తల ఊపుతుంది. బాతు తల అట్ల ఊగదు.

వాటికి ఎడమ పక్కన ఉన్నది నీటికాకి. దాని ఒళ్లు నీళ్లలో దాదాపు మునిగిపోయినట్టు ఉంది, వీపు మాత్రం సన్నగా కనిపిస్తోంది చూడు. బాతు ఈకల్లో నూనె పట్టి, గాలి నిలిచి, అది కాగితపు పడవ లాగా పైకి తేలుతుంది. నీటికాకి ఈకలు తడిసిపోతాయి. చేప కోసం లోపలికి దూకే పిట్టకు అది లాభమే, అందుకే బయటికొచ్చి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది. ఈదేటప్పుడు ముక్కును కొంచెం ఆకాశం వైపు ఎత్తుకుంటుంది. ఇంతదూరం నుంచి ముక్కు కొన కనపడకపోయినా ఆ ఎత్తిన ముక్కు చాలు. దగ్గరి ఫోటో అయితే కొన కిందికి వంగి కొక్కెంలా ఉండేది. ఒళ్లంతా నీళ్లలోనే ఉండి, పాము తల ఎత్తినట్టు మెడ మాత్రమే కనిపిస్తే, ముక్కు కొక్కెం లేకుండా నిటారుగా సూదిలా ఉంటే, అది పాముబాతు. పేరు బాతే కానీ అదీ బాతు కాదు.

కుడి పక్కది మాత్రం అసలైన బాతు, అదీ గుర్తుపట్టడానికి తేలికైనది. ముందుభాగం నీళ్లలోకి వాలి, వెనుకభాగం లేచి ఉంది. ముక్కును నీటి మీద పరిచి ఈడ్చుకుపోతోంది. ఇక్కడ నేను చేసే చిన్న పని చెప్తాను. ఫోన్ తెర మీద ఒక కాగితం ముక్క పెట్టి, ముక్కు కొన నుంచి మొదలు దాకా గుర్తు పెడతాను. తరువాత ఆ కాగితాన్ని జరిపి, ముక్కు మొదలు నుంచి తల వెనకభాగం దాకా ఎంత ఉందో చూస్తాను. ఎక్కువ బాతుల్లో ముక్కు, తల ఇంచుమించు సమానం, లేదా ముక్కే కాస్త తక్కువ. ఈ పిట్టకు ముక్కు తల కంటే పొడుగు, కొనలో గరిటె లాగా వెడల్పు. అది షోవెలర్, చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చేది. పిట్ట పక్కకు తిరిగి ఉన్న ఫోటోలోనే ఈ కొలత పనికొస్తుంది. నీ వైపు చూస్తున్న పిట్ట ముక్కు ఎంత పొడుగైనా బొడిపె లాగానే పడుతుంది.

ఇప్పుడు గట్టు మీది నీ గూస్ సంగతి. పొడుగు మెడ చూసి అనుకున్నావు, నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ మెడ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. బాతు భయపడితే మెడను బారెడు చేస్తుంది, నిద్రపోతే భుజాల్లోకి లాగేసుకుంటుంది. నీ తరువాతి ఫోటోలో ఇదే పిట్ట మెడ దించేసరికి ఎంత పొట్టిగా ఉందో చూడు. మొదటి ఫోటోలో పైన గద్ద నీడ ఉంది, అదీ కారణం. గూస్ అయితే మెడ దించినా ఛాతీ పైన పొడుగ్గా, లావుగా మిగిలే ఉంటుంది.

ముక్కు కూడా చూడు. గూస్ ముక్కు మొదలు దగ్గర ఎత్తుగా ఉండి కొనకు సన్నబడే త్రికోణం. గడ్డి కోసుకుని తినే పిట్ట కాబట్టి కత్తెర పని దానిది. ఇది పొడుగ్గా, మట్టంగా ఉన్న ముక్కు. మంగోలియా, టిబెట్ వైపు నుంచి వచ్చే, తల మీద రెండు నల్ల పట్టీలుండే పెద్ద గూస్‌ను గట్టు మీద చూస్తే కాళ్లు ఒంటి మధ్యలో ఉండి, పొలంలో తిరిగినట్టు నిబ్బరంగా నడుస్తుంది. ఇదేమో కాళ్లు కాస్త వెనక్కి ఉండి ఊగుతూ నడిచింది, నీ వీడియోలో కనిపించింది. ముక్కు కొనకు పసుపు ఉండే మన ఊరి బాతు, స్పాట్‌బిల్ అని నా నిర్ణయం. ఒక ఫోటోలో వాలు వెలుగులో ఆ కొన లేతగా మెరిసింది, దాన్ని బట్టి అంటున్నాను.

ఏడోది తల వెనక్కి తిప్పి వీపు ఈకల్లో ముక్కు దాచుకుని నిద్రపోతోంది. పైకి తేలి ఉంది, తోక నీటికి అంటకుండా లేచి ఉంది, కాబట్టి బాతే. ఏ బాతో మాత్రం చెప్పలేను. అక్కడ "బాతు" అని రాసి వదిలేయ్. చిన్న ఆడబాతుల్ని నీడలో చూసి పేర్లు పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లను నేను నమ్మను.

నా తప్పు కూడా ఒకటి చెప్తాను. మొదట్లో మునుగుడు కోడిని చాలా రోజులు బాతు పిల్ల అని రాసుకున్నాను. దానికి తోక ఉన్నట్టే కనపడదు, వెనక భాగం దూదిలా ఉబ్బి ఉంటుంది, ముక్కు పొట్టిగా మొన తేలి ఉంటుంది. అదీగాక పిల్ల అయితే తల్లి దగ్గర్లో ఉండాలి కదా. ఇది ఒంటరిగా తిరుగుతూ చటుక్కున మునిగి, ఇంకెక్కడో లేస్తుంది. అంత మాత్రం గమనించలేదు నేను.

మళ్లీ వెళ్లినప్పుడు ఒక్కో పిట్టను వరసగా ఏడెనిమిది ఫోటోలు తీయి. అది పక్కకు తిరిగినప్పుడు ఒకటి, మెడ దించినప్పుడు ఒకటి తప్పకుండా ఉండాలి. ఇంకోటి, వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ముక్కు దగ్గర గీతలు కరిగిపోతున్నాయి. డాక్యుమెంట్‌గా పంపు, కత్తిరించకుండా. ఆ నిద్రపోతున్న దాని తరువాతి ఫోటో ఉంటే మొదట అదే పంపు. లేచి ముక్కు చూపించిందేమో.

మీ పెదనాయన