ఎన్నింటిలో ఎన్ని: కేస్ స్టడీ రాసిన అమ్మాయికి ఉత్తరం

నల్లకుంట,
హైదరాబాద్

అమ్మాయీ,

నువ్వు పంపిన కేస్ స్టడీ చదివాను. మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో ఏసీల మెయింటెనెన్స్ చూసే కంపెనీ గురించి రాసింది. వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి. కానీ "కేవలం మూడు నెలల్లో ఫిర్యాదులు 62 శాతం తగ్గాయి" అన్న ఆ మొదటి వాక్యం దగ్గరే నాకు కోపం వచ్చింది. కథనం పక్కన పెట్టేసి, దానితోపాటు నువ్వు పంపిన కంప్లైంట్ రిజిస్టర్ ఫోటోలు తెరిచాను. ఆ రాత్రి పడుకునే దాకా వాటితోనే కూర్చున్నాను. నీ కథ అందులో ఉంది. నువ్వు రాసిన దాంట్లో లేదు.

ముందు ఆ 62 సంగతి చూద్దాం. ఈ ఏడు ఏప్రిల్, మే నెలల్లో 84 ఫిర్యాదులు వచ్చాయి. జూన్‌లో కంపెనీ పద్ధతి మార్చింది, లీక్ పట్టుకోకుండా గ్యాస్ పోయడం మానేసింది. జులై, ఆగస్టుల్లో 32 వచ్చాయి. 84 నుంచి 32కి అంటే 62 శాతం తగ్గినట్టే, లెక్క తప్పు కాదు. కానీ హైదరాబాద్‌లో ఏప్రిల్, మే అంటే ఏమిటో, జులై అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? ఎండలు నలభై దాటిన రోజుల్లో ఏసీ రాత్రింబవళ్లు ఆడుతుంది. వానలు పడ్డాక సగం ఇళ్లలో రిమోట్ ముట్టుకునేవాళ్లే ఉండరు. ఆడని మిషన్ మీద ఫిర్యాదు ఎవరు చేస్తారు? నీ 62 శాతంలో చాలా భాగం రుతుపవనాల చలవ. ఆ ఘనత కంపెనీ ఖాతాలో వేశావు.

ఎండాకాలాన్ని ఎండాకాలంతో పోల్చాలి, వానాకాలాన్ని వానాకాలంతో. నీ రిజిస్టర్‌లోనే కిందటేడు జులై, ఆగస్టు పేజీలు ఉన్నాయి. లెక్కపెట్టాను, 41 ఫిర్యాదులు. ఈ ఏడు అవే నెలల్లో 32. ఏఎంసీలో, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్‌లో, ఉన్న మిషన్ల సంఖ్య రెండేళ్లూ ఒకటేనని నీ నోట్స్‌లో రాసుకున్నావు కాబట్టి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టొచ్చు. ఆ ఒక్క ముక్క కథనంలో రాకపోతే ఏ పోలికకూ విలువ లేదు. ఇప్పుడు తగ్గింది తొమ్మిది. శాతంలో చెబితే 22. అరవై రెండు ఇరవై రెండైందని నీ ప్రాణం ఉసూరుమంటుందని తెలుసు. ఆగు, అసలైంది ఇంకా చెప్పలేదు.

కిందటేడు పేజీల్లో 304 ఫ్లాట్ చూశావా? బెడ్‌రూమ్ ఏసీ. జులై 6న "కూలింగ్ లేదు, గ్యాస్ వేశాం". జులై 19న మళ్లీ అదే మాట. ఆగస్టు 3న ఇంకోసారి. చేతిరాత మాత్రం మూడు చోట్లా మూడు రకాలు. ముగ్గురు మనుషులు వచ్చి, ముగ్గురూ గ్యాస్ పోసి వెళ్లారు. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. అది మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. లీక్ పట్టుకోకుండా పోస్తే రెండు వారాల్లో మళ్లీ ఫోన్ వస్తుంది, వచ్చింది కూడా. నువ్వేమో సమస్య అన్న చోట "కస్టమర్లలో అసంతృప్తి నెలకొంది" అని రాసి ఊరుకున్నావు. ఆ మూడు తేదీలూ రాయి, చాలు. ఫ్లాట్ నంబర్ తీసేసి "ఒక ఇంట్లో" అను. అపార్ట్‌మెంట్ పేరు వేయాలంటే అసోసియేషన్ సెక్రటరీ నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకో.

304 చూశాక మొత్తం రిజిస్టర్‌ని ఇంకో విధంగా లెక్కపెట్టాను. ఫోన్ వచ్చిన రోజుకి ముందు 30 రోజుల్లో అదే మిషన్‌కి, అదే బాధతో కంపెనీవాళ్లు వెళ్లొచ్చి ఉంటే దాన్ని "మళ్లీ వచ్చిన ఫిర్యాదు" అనుకున్నాను. కిందటేడు 41లో అలాంటివి 15. ఈ ఏడు 32లో 4. ఇప్పుడు మిగతావి చూడు. కొత్త ఫిర్యాదులు కిందటేడు 26, ఈ ఏడు 28. అంటే కొత్తగా చెడిపోవడం ఏమీ తగ్గలేదు, రెండు పెరిగాయి కూడా. తగ్గిందంతా ఒకే చోట, మళ్లీ మళ్లీ పిలవాల్సి రావడంలో. కంపెనీ చేసిన పనికి తగ్గాల్సింది కూడా సరిగ్గా అదే. పద్ధతి ఎక్కడ మారిందో ఫలితం అక్కడే కనబడితే, చదివేవాడు నిన్ను నమ్మడానికి అంతకన్నా ఏం కావాలి? 62 శాతం ఇవ్వలేని నమ్మకం "15 నుంచి 4కి" అన్న మాట ఇస్తుంది.

దాన్ని మళ్లీ "73 శాతం తగ్గుదల" చేయకు. పదిహేను మీద శాతాలేమిటి? ఒక్క ఫోన్ ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా ఆరేడు శాతం ఊగుతుంది. ఇంత చిన్న లెక్కలకు అంకెలు అంకెలుగానే ఉండాలి. ఎన్నింటిలో ఎన్ని, ఏ నెలల్లో, దేన్ని ఫిర్యాదుగా లెక్కేశాం? ఈ మూడూ లేని అంకెను నేను అంకె అనను.

దీని మీద నేనింత పట్టుబట్టడానికి కారణముంది. కుర్రతనంలో ఒక ఏజెన్సీలో సర్వీస్ కంపెనీలకు రాసిపెట్టేవాణ్ణి. అక్కడి ఎడిటర్‌కి శాతాల పిచ్చి. నేను అసలు సంఖ్యలు రాసిస్తే కొట్టేసి శాతం ఒక్కటే ఉంచేవాడు, అది కూడా హెడ్డింగ్‌లో పెద్దక్షరాలతో. "లెక్కలు ఎవడు చదువుతాడయ్యా" అనేవాడు. ఆఫీసులు శుభ్రం చేసే ఒక సంస్థకు రాసిన దాంట్లో అలాగే చేశాడు. పోట్లాడాను, వినలేదు. ఆ కాగితం పట్టుకుని సంస్థ యజమాని గచ్చిబౌలిలో ఓ పెద్ద ఆఫీసుకి వెళ్లాడు. అక్కడి ఫెసిలిటీ మేనేజర్ హెడ్డింగ్ చదివి "ఎన్నింటిలో?" అని ఒక్క ప్రశ్న అడిగాడట. ఈయన దగ్గర జవాబు లేదు. జవాబున్న పేరాని మా ఎడిటర్ కొట్టేశాడు. కాంట్రాక్ట్ పోయింది. ఆయన మా ఆఫీసుకొచ్చి నా ముందు కుర్చీలో కూర్చుని ఆ మాట చెప్పినప్పటి మొహం నాకింకా గుర్తుంది. కేస్ స్టడీ చదివేవాడు కాలక్షేపానికి చదవడు. తన డబ్బు పెట్టబోయే ముందు చదువుతాడు. అతను అడగబోయే ప్రశ్నకు కాగితం మీద జవాబుండాలి.

ఇక పద్ధతి గురించి. "అత్యాధునిక విధానాలతో, నిపుణులైన సిబ్బందితో" అని రాశావు. ఈ వాక్యం నగరంలో ఏ కంపెనీకైనా అతుకుతుంది కాబట్టి తీసెయ్. నీ నోట్స్‌లో టెక్నీషియన్ చెప్పింది ఉంది కదా, అది రాయి. ముందు గేజ్ తగిలించి, ప్రెషర్ తక్కువుంటే గ్యాస్ పోసి వచ్చేసేవాళ్లు. ఇప్పుడు లీక్ దొరికే దాకా గ్యాస్ పోయరు. గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి, గొట్టాలను బిగించే ఫ్లేర్ నట్‌ల దగ్గరా, అతుకుల దగ్గరా సబ్బు నురగ పూస్తారు. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ లీక్. రాగి గొట్టం మూతి పాడైతే కోసి మళ్లీ ఫ్లేర్ చేసి, అంటే మూతి వెడల్పు చేసి, బిగిస్తారు. ప్రెషర్ కాసేపు నిలుస్తుందో లేదో చూస్తారు. తర్వాత వ్యాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలి, చెమ్మ లాగేస్తారు. ఆఖరికి గ్యాస్‌ని అందాజాగా కాకుండా, అవుట్‌డోర్ యూనిట్ మీది లేబుల్‌లో ఉన్న బరువు ప్రకారం త్రాసు మీద తూచి పోస్తారు. ఇదంతా ఒక పేరా. ఇంట్లో కూర్చుని చదివే ఆయన "అయితే మొన్న మా ఇంటికొచ్చినవాడు ఇవేమీ చేయలేదే" అనుకుంటాడు. అదే నీకు కావాల్సింది.

నువ్వు దాచినవి రెండున్నాయి. మొదటిది టైమ్. పాత పద్ధతిలో నలభై నిమిషాల్లో అయ్యే గ్యాస్ పని ఇప్పుడు దగ్గరదగ్గర రెండు గంటలు పడుతోందని యజమాని నీకు చెప్పాడు. నోట్స్‌లో ఉంది, కథనంలో లేదు. ఎందుకు వదిలేశావు? మనిషి రోజుకి వెళ్లగలిగే ఇళ్లు తగ్గుతాయి, ఆ ఖర్చు కంపెనీ భరించింది. మరోవైపు, ఏఎంసీలో మళ్లీ వెళ్లిన ప్రతిసారీ పైసా రాదు కాబట్టి ఆ వృథా తిరుగుళ్లు తగ్గడం వాళ్లకు కలిసొచ్చింది. రెండూ పక్కపక్కన రాయి. "లక్షల్లో ఆదా" అన్న మాటకు నీ దగ్గర కాగితం లేదు, కొట్టెయ్.

రెండోది నీళ్ల బాధ. మళ్లీ వచ్చిన ఫిర్యాదుల్ని రకాలుగా విడదీస్తే, కిందటేడు 15లో 9 గ్యాస్‌వి, 4 ఇండోర్ యూనిట్ నుంచి నీళ్లు కారడం, 2 ఇతరత్రా. ఈ ఏడు 4లో గ్యాస్ ఒక్కటే, నీళ్లవి 3. గ్యాస్ సంగతి దాదాపు తేలిపోయింది, నీళ్ల సంగతి అక్కడే ఉంది. కారణం కూడా రిజిస్టర్‌లో కనబడుతోంది, ప్రతిచోటా "డ్రెయిన్ క్లీన్ చేశాం" అని రాశారు. పైపులో పేరుకున్న చెత్త ఊదేస్తే ఆ పూటకి ఆగుతుంది. పైపుకి వాలు సరిగ్గా లేకపోతే నీళ్లు మళ్లీ నిలుస్తాయి, మళ్లీ కారతాయి. దీనికి కంపెనీ ఇంకా ఏమీ చేయలేదు. చేయలేదనే రాయి. "ఇది పెడితే క్లయింట్ ఒప్పుకోడేమో" అని నీకు అనిపిస్తుంది. ఆయన దగ్గరికి ఈ అంకెలు పట్టుకెళ్లి కూర్చో. నేను చూసినంతలో, పని తెలిసిన యజమానులు ఇలాంటి పేరాకి అడ్డు చెప్పరు. అడ్డుపడేది మధ్యలో ఉండే మార్కెటింగ్ వాళ్లే. తాము ఎక్కని నిచ్చెన గురించి వాళ్లకు ఎక్కడలేని భయం.

హెడ్డింగ్ ఎలా పెట్టాలి, లింక్డ్‌ఇన్‌లో ఏ రోజు వేయాలి అని అడిగావు. వాటి సంగతి నీ తోటివాళ్లని అడుగు. కస్టమర్ మాట ఒకటి కొటేషన్‌గా పెట్టమన్నారని రాశావు. 304లో ఉండే ఆవిడకి ఫోన్ చేసి, ఆవిడ అన్నది అన్నట్టు రాయి. ఇప్పుడున్న "సేవలు అద్భుతం" ఆవిడ మాట కాదని నాకు తెలిసిపోతోంది.

ఒక్కటి మాత్రం తిరగరాసే ముందే కనుక్కో. కొత్త పద్ధతి జూన్‌లో మొదలైంది, ఇంకా ఒక్క ఎండాకాలం కూడా చూడలేదు. మే నెలలో ఫోన్లు వరదలా వస్తుంటే, గ్యాస్ పని పడిన ప్రతి ఇంట్లో రెండు గంటలు కూర్చునే తీరిక ఆ కుర్రాళ్లకు ఉంటుందా? మనుషుల్ని పెంచుతారా, లేక పాత పద్ధతికి జారుకుంటారా? యజమానిని సూటిగా అడిగి, ఆయన చెప్పింది ఆఖరి పేరాలో పెట్టు. వచ్చే ఏడు ఏప్రిల్, మే పేజీలు చేతికొచ్చాక, ఈ ఏటి 84 పక్కన ఆ అంకె వేసి రెండో భాగం రాయి. రిజిస్టర్ ఫోటోలు ఈసారి వెలుతురులో తీసి పంపు, ఆగస్టు చివరి రెండు పేజీలు చదవడానికి భూతద్దం వాడాల్సి వచ్చింది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు