థలో చుక్క ఎక్కడ మాయమైంది?

ప్రశ్న: మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాలు తెలుగు నేర్పిస్తాను. పిల్లలు కాగితం మీద రాసిన అక్షరాన్ని ఫోన్‌తో ఫొటో తీస్తే గుర్తుపట్టే చిన్న యాప్ చేస్తున్నాను. 48 అక్షరాలు, 30 మంది పిల్లలు, ఒక్కొక్కరు ఒక్కో అక్షరాన్ని 4 సార్లు రాశారు. అంకెలను గుర్తించే కోడ్ ఒకటి తీసుకుని మార్చుకున్నాను. టెస్ట్‌లో 97 శాతం వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలు రాస్తే మాత్రం 80 దగ్గర ఆగిపోతోంది. థను ధ అంటోంది, ఠను ర అంటోంది, ప, ష, వ కలిసిపోతున్నాయి. ఇంకా పెద్ద నెట్‌వర్క్ పెట్టాలా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: వద్దండీ. నెట్‌వర్క్ జోలికి వెళ్లేముందు ఒక పని చేయండి. మోడల్‌కు అందుతున్న బొమ్మల్లోంచి ఓ ఇరవై థలు తీసి, ఒక్కోదాన్ని స్క్రీన్ నిండా పెద్దది చేసి చూడండి. ఫోన్‌లో తీసిన ఫొటో కాదు, కత్తిరించడం, కుదించడం అన్నీ అయ్యాక చివరికి మోడల్ చూసే బొమ్మ. వాటిలో సగానికి చుక్క ఉండదని నా అనుమానం.

ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ ఓసారి ఇదే గోతిలో పడ్డాను. రెండు వారాలు పొరలు పెంచుతూ, తగ్గిస్తూ కూర్చున్నాను. చివరికి చూస్తే, కాగితం మీది మచ్చలను తుడిచే రెండు లైన్ల కోడ్ చుక్కలన్నింటినీ తుడిచేస్తోంది.

చిన్న లెక్క వేద్దాం. ఫొటోలో అక్షరం ఎత్తు 160 పిక్సెళ్లు అనుకోండి. పెన్సిల్‌తో పెట్టిన చుక్క అడ్డం 6 పిక్సెళ్లు ఉంటుంది, అంటే మొత్తం మీద 28 పిక్సెళ్ల మచ్చ. అంకెల కోసం రాసిన కోడ్‌లో "50 పిక్సెళ్ల కంటే చిన్న మచ్చ కనిపిస్తే తీసెయ్" అనే లైను తరచూ ఉంటుంది. అంకెల్లో విడిగా ఉండే చుక్కలు లేవు కాబట్టి దానితో వాళ్లకు నష్టం లేదు. మనకు మాత్రం థకు, ధకు తేడా అంతా ఆ 28 పిక్సెళ్లే. ఒకవేళ ఆ గండం గడిచినా, తర్వాత 28×28 బొమ్మగా కుదిస్తారు. అంచులు పోను అక్షరానికి 24 పిక్సెళ్లు మిగులుతాయి. 160ని 24 చేస్తే 6 పిక్సెళ్ల చుక్క ఒక పిక్సెల్ కన్నా తక్కువకు దిగి, లేత బూడిద రంగు మరకగా మిగులుతుంది. ఆ తర్వాత మళ్లీ నలుపు-తెలుపుగా మారిస్తే అదీ పోతుంది.

ప, ష, స, హల కథ వేరు. వీటి తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది. అంకెల కోడ్ "అన్నిటికంటే పెద్ద ముక్క ఏదో అదే అక్షరం" అనుకుని దాని చుట్టూ పెట్టె గీసి కత్తిరిస్తుంది. దాంతో తలకట్టు పెట్టె బయట ఉండిపోతుంది. తల పోయిన పను మనకు చూపించినా తడబడతాం. అందుకే పెద్ద ముక్క చుట్టూ కాకుండా, సిరా ఉన్న అన్ని పిక్సెళ్ల చుట్టూ పెట్టె గీయండి. అక్షరం తెల్లగా, నేపథ్యం నల్లగా ఉన్న `ink` అనే బొమ్మ నుంచి మొదలుపెడితే ఇంతే పని:

```python
x, y, w, h = cv2.boundingRect(cv2.findNonZero(ink))
s = max(w, h)
c = np.zeros((s, s), np.uint8)
t, l = (s - h) // 2, (s - w) // 2
c[t:t+h, l:l+w] = ink[y:y+h, x:x+w]
img = np.pad(cv2.resize(c, (56, 56),
             interpolation=cv2.INTER_AREA), 4)
```

దీంతో 64×64 బొమ్మ వస్తుంది. చుక్కకు సుమారు 2 పిక్సెళ్లు దక్కుతాయి. కుదించాక మళ్లీ నలుపు-తెలుపు చేయకండి, బూడిద ఛాయలను అలాగే ఉండనివ్వండి. మరి కాగితం మీది అసలు మచ్చల సంగతేమిటంటారా? పిల్లలకు గళ్లు గీసిన తెల్ల కాగితం ఇచ్చి, గీతలను గడి అంచు దగ్గరే వదిలేసి లోపలి భాగాన్ని మాత్రం తీసుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. మచ్చలు తుడిచి తీరాలనుకుంటే, ఆ హద్దును మీ పిల్లలు పెట్టిన అతి చిన్న చుక్క కన్నా తక్కువగా పెట్టండి.

ఇక మీ 97 శాతం. అది అబద్ధం అనను గానీ, మీరు అడగాలనుకున్న ప్రశ్నకు అది జవాబు కాదు. మొత్తం 5760 బొమ్మలను కలగలిపి వందకు 20 చొప్పున టెస్ట్‌కు తీసి ఉంటారు. అలా చేస్తే టెస్ట్‌లోని ఒక బొమ్మకు, అదే పిల్లవాడు అదే అక్షరాన్ని రాసిన మిగతా మూడు బొమ్మల్లో కనీసం ఒకటి ట్రైనింగ్‌లో ఉండే అవకాశం 99 శాతం. మోడల్ ఆ పిల్లవాడి చేతిరాతను ముందే చూసేసింది. కొత్త పిల్లలు వచ్చినప్పుడు కనిపించిన 80 శాతమే మీ అసలు మార్కు. విభజన బొమ్మల వారీగా కాదు, పిల్లల వారీగా జరగాలి:

```python
from sklearn.model_selection import GroupKFold
for tr, te in GroupKFold(n_splits=5).split(X, y, groups=writer):
    ...
```

`writer` అంటే ఏ బొమ్మ ఏ పిల్లవాడు రాసిందో చెప్పే జాబితా. ప్రతి విడతలో ఆరుగురు పిల్లలు పూర్తిగా బయట ఉంటారు. మార్కు ఒక్కసారిగా పడిపోతుంది, టెన్షన్ పడకండి. ఇక మీదట ఏ మార్పు చేసినా ఈ మార్కునే చూడండి. ఇందులోంచే ఇంకో సంగతి తెలుస్తుంది. మీ దగ్గర ఒక్కో అక్షరానికి 120 నమూనాలు ఉన్నాయని అనుకుంటున్నారు, నిజానికి ఉన్నవి 30 చేతిరాతలు. మళ్లీ సేకరించే ఓపిక ఉంటే ఇదే 30 మందితో ఇంకో పదిసార్లు రాయించకండి. పక్క అపార్ట్‌మెంట్ల పిల్లలతో ఒక్కొక్కసారి రాయించండి. బెంగళూరులో దీనికి ఇంకో కారణం ఉంది. బడిలో కన్నడ రాసే పిల్లలు తెలుగు కను కూడా కన్నడ తలకట్టుతో రాసేస్తారు. అది తప్పా ఒప్పా అన్నది మీ క్లాసు వ్యవహారం. మోడల్ మాత్రం అలాంటి రాతను ట్రైనింగ్‌లో చూసి ఉండాలి.

నెట్‌వర్క్ గురించి క్లుప్తంగా చెబుతాను. అంకెల కోడ్‌లో చివర 3136 విలువలను 512 న్యూరాన్లకు కలిపే పొర ఒకటి ఉంటుంది. ఆ ఒక్క పొరకే 16 లక్షల పరామితులు. 30 చేతిరాతలకు అది మరీ ఎక్కువ, బట్టీ పట్టేస్తుంది. దాన్ని తీసేయండి. 3×3 కన్వల్యూషన్ పొరలు నాలుగు, 16, 32, 64, 64 ఛానెళ్లతో పెట్టండి. మొదటి మూడింటి తర్వాత సగానికి కుదించండి. చివర ఒక్కో ఛానెల్ నుంచి గరిష్ఠ విలువను మాత్రం తీసుకుని 48 అక్షరాలకు కలపండి. మొత్తం 63,344 పరామితులు. 1998లో యాన్ లెకున్ బృందం అంకెల కోసం చేసిన లెనెట్-5 కూడా దాదాపు 60 వేల పరామితులదే. సగటు కాకుండా గరిష్ఠం ఎందుకంటే, చుక్క 8×8 గళ్లలో ఒకటి రెండింటిలోనే కనిపిస్తుంది. 64 గళ్ల సగటు తీస్తే దాని గొంతు వినిపించదు. చివరి పొరలో ఒక్కో గడి అసలు బొమ్మలో 38×38 మేర చూస్తుంది కాబట్టి, చుక్క అక్షరం కడుపులో ఉందా, బయట ఉందా అన్నదీ దానికి తెలుస్తుంది.

నమూనాలు తక్కువ కాబట్టి బొమ్మలను కాస్త తిప్పీ వంచీ పెంచుకోవడం మంచిదే. 8 డిగ్రీల లోపు తిప్పండి, రెండు మూడు పిక్సెళ్లు జరపండి, గీతను కాస్త మందం చేయండి. అద్దంలో బొమ్మలా తిప్పడం మాత్రం వద్దు, అలా తిప్పితే అది ఆ అక్షరమే కాదు. బొమ్మలో ఏదో ఒక భాగాన్ని చెరిపేసే పద్ధతి ఫొటోలకు బాగా పనిచేస్తుంది గానీ ఇక్కడ విషం. థలో చుక్క ఉన్న చోటు చెరిగితే అది ధ అవుతుంది, లేబుల్ మాత్రం థ అనే ఉంటుంది. గీతను సన్నం చేయడంలోనూ ఇదే ప్రమాదం.

అయితే ఆ విషాన్నే మందుగా వాడుకోవచ్చు, నాకు బాగా నచ్చిన ఉపాయం ఇదే. ఒక పాప రాసిన థలో చుక్క విడి ముక్కగా ఉంటుంది కదా, దాన్ని కావాలనే తీసేసి లేబుల్‌ను ధగా మార్చండి. ఇప్పుడు మీ దగ్గర అదే చేతిరాతలో, చుక్క తప్ప ఇంకే తేడా లేని జంట ఉంది. ఠలో చుక్క తీసి ర చేయండి. ఇలాంటి జంటలు ట్రైనింగ్‌లో ఉంటే, అక్షరం వంపునో ఒరవడినో చూసి ఊహించే దారి మోడల్‌కు మూసుకుపోతుంది, చుక్కను చూడక తప్పదు. ఎదురు దిశలోనూ చేయవచ్చు: ధకు చుక్క పెట్టి థ చేయడం. అప్పుడు కంప్యూటర్‌తో గుండ్రటి చుక్క గీయకండి, వేరే పిల్లవాడి థ నుంచి చుక్కను అరువు తెచ్చుకోండి. లేకపోతే మోడల్ గుండ్రటి చుక్కలనే చుక్కలనుకుంటుంది. చుక్క గీతకు అంటుకుపోయిన బొమ్మలను వదిలేయండి. ఈ తయారీ బొమ్మలు ట్రైనింగ్ పిల్లలవే అయి ఉండాలి, టెస్ట్‌లోకి ఒక్కటీ రాకూడదు.

బయటి డేటా కావాలంటే హెచ్‌పీ ల్యాబ్స్ ఇండియా సేకరించిన తెలుగు సెట్ ఒకటుంది, 166 తరగతులు. Chars74Kలో కన్నడ చేతిరాత ఉంది. థ, ధల చుక్క తేడా కన్నడలోనూ ఇలాగే ఉంటుంది కాబట్టి మొదటి పొరలను నేర్పడానికి అదీ పనికొస్తుంది. అయితే రెండూ ఎలక్ట్రానిక్ పెన్నుతో తీసుకున్న రాతలు. పెన్సిల్ ఒత్తిడి, కాగితం మరకలు వాటిలో ఉండవు. వాటితో మొదలుపెట్టి మీ పిల్లల బొమ్మలతో ముగించండి.

ఇవన్నీ చేశాక ఏ అక్షరం ఏ అక్షరంగా పోతోందో 48×48 పట్టిక వేసుకోండి. థ–ధ గడిలో ఇంకా తప్పులుంటే, ఆ బొమ్మలను లేబుల్ చూపకుండా మీకు తెలిసిన ఇద్దరు పెద్దవాళ్లకు ఇచ్చి చదవమనండి. వాళ్లూ ధ అన్నారంటే అక్కడ పిల్లవాడు చుక్కే పెట్టలేదు, ఏ నెట్‌వర్కూ దాన్ని థగా చదవలేదు.

మీ యాప్‌లో అదేమంత నష్టం కాదు. ఏ అక్షరం రాయమన్నారో మీకు ముందే తెలుసు. థ రాయమన్నప్పుడు మోడల్ ధ అంటే "తప్పు" అని ఎర్రగా చూపించకండి. ఆ జంటలకు విడిగా ఒక మాట రాసిపెట్టుకోండి: "చుక్క పెట్టావా?"