కార్డు వెనక్కి తీసుకునే ముందు పాస్‌బుక్ చూడండి

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. మాది కావలి, తను నెల్లూరు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. తన పేరు మీదే ఖాతా తెరిచి ఏటీఎం కార్డు ఇప్పించాం. నెలకు రెండు వేలు వేస్తుంటే రెండో వారానికే అయిపోయాయంటోంది. కార్డు తీసేసుకోమంటారా?

జవాబు: వద్దండీ. ముందు పాస్‌బుక్ ప్రింట్ వేయించండి. ఒంగోలులో ఎరువుల కొట్టు నడిపే ఒకాయనకూ ఇదే టెన్షన్. వాళ్లమ్మాయీ నెల్లూరులోనే చదువుతోంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆయన కేకలేయకుండా కొట్లో పక్కన కూర్చోబెట్టుకుని, పాస్‌బుక్‌లో ఒక వరుస మీద వేలు పెట్టారు.

"ఈ 27 రూపాయల 14 పైసలకు ఏం కొన్నావమ్మా?"

"నేనేం కొనలేదు నాన్నా!"

నిజమే, అది బ్యాంకు ఫీజు. ఆ అమ్మాయి హాస్టల్ పక్కనున్న వేరే బ్యాంకు ఏటీఎంకు వెళ్లేది. ముందు బ్యాలెన్స్ చూసుకుని, తర్వాత వంద తీసేది. నెల్లూరు లాంటి ఊళ్లలో వేరే బ్యాంకు ఏటీఎంలో నెలకు ఐదు లావాదేవీలు ఉచితం. అయితే బ్యాలెన్స్ చూడటం కూడా అందులో ఒకటే! రెండుసార్లు వెళ్లేసరికి నాలుగు అయిపోయాయి. మూడోసారి బ్యాలెన్స్ చూడటంతో ఐదూ పూర్తి. ఆ వెంటనే తీసిన వందకు 23 రూపాయల ఫీజు, దానిపై 18 శాతం జీఎస్టీ పడ్డాయి. అంటే వంద చేతికొస్తే ఖాతాలోంచి 127 పోయాయన్నమాట. 2025 మే నుంచి బ్యాంకులు ఇలా గరిష్ఠంగా 23 వరకు వసూలు చేయొచ్చు.

ఆయన చెప్పిన ఉపాయం చిన్నదే. వారానికి సరిపడా ఒకేసారి తీసుకుని, స్లిప్పు దాచుకోమన్నారు. మిగిలిన బ్యాలెన్స్ దాని మీదే ఉంటుంది, మళ్లీ చూడక్కర్లేదు. నెలకోసారి రెండు వేలు వేయడం మానేసి, ప్రతి శనివారం 500 వెళ్లేలా తన ఖాతాకు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టారు. బుధవారానికే అయిపోయినా శనివారం దాకా పైసా వేయరు. పుస్తకాలు, మందులు మాత్రం ఈ లెక్కలోకి రావు, అవి ఆయనే చూసుకుంటారు.

హాస్టల్లో ఫోన్ ఉండదు కాబట్టి మెసేజ్‌లన్నీ ఆయనకే వస్తాయి. అయినా మెసేజ్ రాగానే ఎందుకు తీశావని ఆరా తీయరు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ప్రతి వందకూ సంజాయిషీ అడిగితే పిల్లలు లెక్క నేర్చుకోరు, దాచడం నేర్చుకుంటారు.

పిన్ విషయంలో మాత్రం ఆయన గట్టిగా ఉన్నారు. "నీకు కుదరకపోతే కార్డు, పిన్ ఇవ్వు, నేను తెచ్చిస్తా" అని స్నేహితురాలు అడిగినా ఇవ్వకూడదు. మనమే పిన్ చెప్పి డబ్బు పోగొట్టుకుంటే, ఫిర్యాదు చేసేలోపు పోయింది బ్యాంకు తిరిగి ఇవ్వదు.

మీ పాస్‌బుక్‌లో ఇలాంటి ఫీజులు ఒకటో రెండో మించి లేకపోతే, డబ్బు ఖర్చులకే పోతోందని అర్థం. అప్పుడూ కార్డు తన దగ్గరే ఉంచి, వారానికి 500 చొప్పున వేయడం మొదలుపెట్టండి.