గోడ రంగు మారాలి, నీడ మాత్రం ఉండాలి

ప్రశ్న: మా హాల్లో సోఫా వెనక క్రీమ్ గోడకి ముదురు ఆకుపచ్చ వేయిద్దామనుకుంటున్నాం. ముందు ఓనర్ ఆంటీకి ఫొటోలో చూపించాలి. ఫోన్ యాప్‌లో మారిస్తే రంగు కాగితం అతికించినట్టు వస్తోంది, సోఫా చుట్టూ పాత క్రీమ్ గీత మిగిలిపోతోంది. ఏం చేయాలి? - ఒక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై

ఆ యాప్ గోడ మీద రంగు పూసేస్తోంది, అందుకే నీడలు దాని కింద పడిపోతున్నాయి. రంగుని నీడతో గుణించాలి. దాన్నే Multiply అంటారు: గోడ తెల్లగా ఉన్నచోట పూర్తి రంగు, సగం వెలుతురున్నచోట సగం రంగు వస్తుంది. చిక్కేంటంటే మీ గోడ తెలుపు కాదు. క్రీమ్ మీద నేరుగా గుణిస్తే పచ్చ కాస్తా పసుపు తిరిగి, మరీ నల్లబడుతుంది. కాబట్టి ముందు గోడని తెల్లగోడ చేయాలి. చాలామంది వదిలేసేది ఈ మెట్టే.

పగటిపూట, లైట్లు ఆపి ఫొటో తీయండి. ఫ్యాను కూడా ఆపండి, చెన్నైలో కష్టమే గానీ తిరిగే రెక్కల చుట్టూ గోడని వేరుచేయడం ఇంకా కష్టం. కంప్యూటర్ బ్రౌజర్లో Photopea అనే ఫొటో ఎడిటర్ తెరిచి, గోడని Polygonal Lasso తో ఎంచుకోండి. సోఫా నీడ పడిన భాగం కూడా గోడే, దాన్ని వదిలేయొద్దు. లేయర్లలో ఒక ఫోల్డర్ పెట్టి, ఎంపిక అలాగే ఉండగా దానికి మాస్క్ తగిలించండి. ఇక ఆ ఫోల్డర్‌లో ఏం వేసినా గోడకే పరిమితం.

అందులో అడుగున Hue/Saturation అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టి Saturation ని -100కి లాగండి, క్రీమ్ బూడిద రంగవుతుంది. దాని పైన అలాగే Levels. నలుపు 0, తెలుపు 255 అనే కొలతలో వెలుతురు బాగా పడిన గోడ ఇప్పుడు 180 దగ్గర ఉందనుకుందాం, కుడివైపు తెల్ల స్లైడర్‌ని 255 నుంచి 180కి తెస్తే ఆ చోటు తెలుపవుతుంది, 90 ఉన్న నీడ సగం దగ్గర ఆగుతుంది. కిటికీ పక్కన గరుకుదనం మాయమైతే ఎక్కువ లాగారన్నమాట, కొంచెం వెనక్కి జరపండి. అన్నిటికన్నా పైన Color Fill, మోడ్ Multiply, రంగు #2F5D50 లాంటిది. ఓనర్‌కి నచ్చకపోతే ఆ ఒక్క రంగే మార్చితే సరి, మిగతా పనంతా అలాగే ఉంటుంది.

క్రీమ్ గీత మాస్క్ అంచుది. మాస్క్ మీద క్లిక్ చేసి, చిన్న తెల్ల బ్రష్‌తో ఆ గీత మీద రుద్దండి, సోఫా మీదకి పచ్చ పాకితే నల్ల బ్రష్‌తో వెనక్కి తుడవండి. కుషన్ లాంటి మెత్తటి అంచులకి బ్రష్ కూడా మెత్తగా ఉండాలి, కత్తిరించినట్టు గట్టి అంచు పెడితే వెంటనే దొరికిపోతారు.

ఒకటి మాత్రం ఫొటోలో రాదు. ముదురు గోడ వేశాక హాలు మొత్తం కాస్త చీకటవుతుంది, పక్క గోడలకీ సీలింగ్‌కీ లేత పచ్చ ఛాయ కొడుతుంది. పైగా తెర మీద పచ్చ, డబ్బాలో పచ్చ ఒకటి కావు. షేడ్ ఖాయం చేసేముందు సోఫా వెనక కనిపించని చోట రెండడుగుల మేర పూయించి, పొద్దున ఒకసారి, ట్యూబ్‌లైట్ కింద ఒకసారి చూడండి. ఓనర్ ఆంటీని అడిగాకే సుమా.