ఫోటోలో పెట్టిన విగ్గు తలమీద కూర్చున్నట్టు కనిపించాలంటే

ప్రశ్న: కాస్‌ప్లే కోసం మా ఫ్రెండ్ ఫోటోకి నీలం విగ్గు, కొమ్ములు అతికించాను. అంచులు ఎంత శుభ్రంగా కత్తిరించినా స్టిక్కర్ అంటించినట్టే ఉంది. నేను వాడేది GIMP. ఏం చేయాలి?

జవాబు:

ఇక అంచుల మీద టైమ్ పెట్టకండి, ముందు నుదుటి మీద నీడ ఉందో లేదో చూడండి. విగ్గు ముందు కుచ్చు నుదుటిని పూర్తిగా తాకదు, కాస్త ఎత్తులో నిలబడుతుంది. అందుకే దాని కింద చర్మం మీద ఎప్పుడూ నీడ పడుతుంది. అది లేకపోతే, కత్తిరింపు ఎంత బాగున్నా చూసేవాళ్ల కన్ను ఒప్పుకోదు.

మా స్నేహితురాలి ఫోటోకి గులాబీ రంగు విగ్గు, పిల్లి చెవుల బ్యాండ్ పెట్టినప్పుడు నేను చేసింది చెప్తాను. ఆమె మొహం మీదికి వెలుతురు ఎడమవైపు కిటికీ నుంచి వస్తోంది. విగ్గును ఇంకొకరి తలకి పెట్టి, అదే కిటికీ పక్కన, అదే ఎత్తు నుంచి ఫోటో తీశాను. నెట్‌లో దొరికే విగ్గు బొమ్మల్లో చాలావాటికి వెలుతురు ఎదురుగా పడి ఉంటుంది. పక్క నుంచి వెలుతురు పడిన మొహానికి అవి అతకవు. మీ విగ్గు అలాంటిదైతే ఎన్ని మెరుగులు దిద్దినా తేడా కొడుతుంది, వేరేది వెతకడమే మేలు.

తర్వాత సొంత జుట్టు సంగతి. మా స్నేహితురాలిది ఒత్తు జుట్టు, విరబోసుకుని ఉంది. విగ్గు దాన్ని కప్పేంత పొడవు ఉండటంతో పెద్దగా శ్రమ పడలేదు. చెవుల పక్కన బయటికి వచ్చిన నల్ల వెంట్రుకల మీద మాత్రం Clone టూల్‌తో వెనక గోడను పూసేశాను. మెడ దాకా ఉండే పొట్టి విగ్గయితే కథ వేరు. జుట్టు వెనక దాగిన మెడనీ భుజాలనీ మీరే గీయాల్సి వస్తుంది. దానికన్నా జుట్టు ముడి వేయించి ఫోటో మళ్లీ తీసుకోవడం సులువు.

ఇక నీడ. విగ్గు లేయర్ మీద రైట్ క్లిక్ చేసి Alpha to Selection ఎంచుకోండి. విగ్గుకీ మొహానికీ మధ్య ఒక కొత్త లేయర్ పెట్టి, దాని Mode ని Multiply చేసి, ఆ సెలక్షన్‌ని రంగుతో నింపండి. రంగు నలుపు వద్దు, చర్మం బూడిద కొట్టినట్టు అవుతుంది. అదే ఫోటోలో గడ్డం కింద నీడ ఉన్న చోట నుంచి Color Picker తో గోధుమ రంగు తీసుకోండి. సెలక్షన్ తీసేసి, ఆ లేయర్‌ని కిందికి, వెలుతురు వస్తున్న వైపుకి ఎదురు దిక్కుగా కొద్దిగా జరపండి. మొహం వెడల్పు ఫోటోలో 1000 పిక్సెల్స్ ఉంటే 15 నుంచి 20 పిక్సెల్స్ జరిపితే చాలు. ఆపైన Gaussian Blur.

ఇక్కడ నేను రెండు నీడలు వేస్తాను. కుచ్చు చివరలు చర్మాన్ని తాకే చోట సన్నగా, చిక్కగా ఒకటి: బ్లర్ 5 పిక్సెల్స్, Opacity 60 దగ్గర. దాని కింద వెడల్పుగా, పలచగా ఇంకొకటి: బ్లర్ 30, Opacity 30 దగ్గర. మొహం దాటి గోడ మీదికి పాకిన నీడని లేయర్ మాస్క్‌తో చెరిపేయాలి. చెంపల దగ్గర, మెడ మీద పడే జుట్టుకి కూడా ఇదే పద్ధతి. ఈ పని అయ్యాక నీడ లేయర్లని ఆపి, ఆన్ చేసి చూడండి, విగ్గు తలమీదికి దిగినట్టు మీకే తెలుస్తుంది.

కొమ్ములకీ నీడ కావాలి, కాకపోతే అది విగ్గు మీద పడాలి. కొమ్ము మొదలు జుట్టు పైన తేలుతూ ఉంటే బొమ్మలా ఉంటుంది. కొమ్ము లేయర్‌కి మాస్క్ పెట్టి, మొదట్లో అర సెంటీమీటరు ఉన్నట్టు కనిపించే మేర చెరపండి. దాని పైన కొత్త లేయర్ పెట్టి, అక్కడ విగ్గు రంగుతోనే రెండు పిక్సెల్స్ బ్రష్ పట్టుకుని నాలుగైదు వెంట్రుకలు కొమ్ము మీదికి గీయండి. నా పిల్లి చెవుల బ్యాండ్‌కి కూడా ఇదే చేశాను. బ్యాండ్ కొంత జుట్టులో దూరిపోయి, చెవులు మాత్రమే పైకి వచ్చినట్టు కుదిరింది.

అంతా అయ్యాక అన్నిటి పైన ఒక లేయర్‌ని మామూలు బూడిద రంగుతో నింపి, Mode ని LCh Color చేయండి. ఫోటో నలుపు తెలుపు అయిపోతుంది. నీలం రంగు కళ్లని మభ్యపెట్టదు కాబట్టి, విగ్గు మొహం కన్నా మరీ వెలుగుగా ఉందా, మసకగా ఉందా అన్నది ఇప్పుడు సూటిగా కనిపిస్తుంది. తేడా ఉంటే విగ్గు లేయర్ మీద Curves తో సరిచేసి, ఆ బూడిద లేయర్ తీసేయండి. మొహం ఫోటో తక్కువ వెలుతురులో ఫోన్‌తో తీసిందైతే, విగ్గు మీద RGB Noise కొంచెం వేయండి, లేకపోతే మొహం గరుకుగా, విగ్గు నున్నగా ఉండి మళ్లీ దొరికిపోతుంది.