రెజ్యూమేకి కూడా ఓఎంఆర్ కాపీ ఇవ్వాలి

ప్రశ్న: "ఆన్‌లైన్‌లో అప్లై చేసిన గంటలోపే రిజెక్ట్ మెయిల్ వస్తోంది. సాఫ్ట్‌వేర్ నా రెజ్యూమేకి ఎన్ని మార్కులు వేసిందో, ఎందుకు వేసిందో కంపెనీ నాకు చెప్పాలా? చెప్తే ఎలా చెప్పాలి?"

చెప్పాలి. మార్కుల కంటే ముందు, నా రెజ్యూమేలో అది ఏం చదివిందో చూపించాలి. ఇంత గట్టిగా ఎందుకంటున్నానో నాకు జరిగింది చెప్తే మీకే తెలుస్తుంది.

మాది హన్మకొండ. హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం చేసేవాణ్ని. 2022 నవంబరులో నాన్నకు ఆపరేషన్ చేయాల్సి వచ్చి, ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చాను. ఆయన కోలుకున్నాక మళ్లీ వెతకడం మొదలుపెట్టాను. 2023 ఆగస్టులో ఒక ప్రకటన కనిపించింది: టెస్ట్ ఇంజనీర్, మూడేళ్ల అనుభవం కావాలి. నాకు మూడేళ్ల ఐదు నెలలు ఉంది. రాత్రి 11:40కి అప్లై చేశాను. 12:07కి మెయిల్ వచ్చింది, మీ ప్రొఫైల్ ఈ ఉద్యోగానికి సరిపోలేదని. ఈ మెయిల్‌కు జవాబు పంపవద్దని కింద ఇంకో లైను. అర్ధరాత్రి ఎవరు చదివి ఉంటారు నా రెజ్యూమే? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మధ్యలో తొమ్మిది నెలలు ఖాళీ ఉంది కదా, అందుకే తీసేశారని నాకు నేనే అనుకున్నాను. ఇంట్లో అమ్మ కూడా అదే అన్నది.

రెండు నెలల తర్వాత సద్దుల బతుకమ్మకు నా స్నేహితుడి వాళ్ల అక్క పుట్టింటికొచ్చింది. అదే కంపెనీ హెచ్‌ఆర్‌లో పనిచేస్తుందని అప్పుడే తెలిసింది. సంగతి చెప్తే, "నీ ఫైలే కదా తమ్ముడూ, చూద్దాం పట్టు" అని ల్యాప్‌టాప్ తెరిచింది. కొంచెం సేపు చూసి, "నీకు తొమ్మిది నెలల ఎక్స్‌పీరియన్సే అని చూపిస్తాంది ఇక్కడ. మూడేళ్లన్నవ్ కదా?" అన్నది.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఇద్దరం కూర్చుని లైను లైనుగా చూశాం. నా మొదటి ఉద్యోగం 32 నెలలు, రెండోది 9 నెలలు. రెజ్యూమేలో తేదీలు రెండు రకాలుగా రాశాను. ఆ సాఫ్ట్‌వేర్ వాటిని ఇలా తీసుకుంది:

```
Jul'19 – Feb'22      ->  (blank)
03/2022 – 11/2022    ->  9 months
```

సంవత్సరం ముందు నేను పెట్టిన ఆ చిన్న కొటేషన్ గుర్తు దానికి అర్థం కాలేదు. తేదీ దొరకలేదు కాబట్టి ఆ ఉద్యోగానికి నెలలు లెక్కకట్టలేదు. కంపెనీ పేరు, నేను చేసిన పని అన్నీ తెర మీద కనిపిస్తున్నాయి, అనుభవం మాత్రం సున్నా.

ఇంకోటి కూడా బయటపడింది. చౌరస్తా దగ్గర నెట్ సెంటర్‌లో అందంగా ఉందని రెండు కాలమ్‌ల డిజైన్ చేయించుకున్నాను. ఎడమవైపు పట్టీలో నాకు వచ్చిన స్కిల్స్, వాటి పక్కన చుక్కలు. పీడీఎఫ్‌లో పేరా, కాలమ్ అనేవి మనకు కనిపించినట్టు ఉండవు. ఏ అక్షరం పేజీలో ఎక్కడ ఉందన్న సమాచారమే చాలాసార్లు ఉంటుంది. దాన్ని బట్టి చదివే క్రమాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించుకోవాలి. కొన్నిసార్లు ఎడమ కాలమ్‌లో ఒక లైను, కుడి కాలమ్‌లో ఒక లైను కలిపి చదివేస్తుంది. ఇక నా స్కిల్స్‌లో రెండింటిని ఆ నెట్ సెంటర్ అబ్బాయి బొమ్మగా అతికించాడు. ఎస్‌క్యూఎల్, పోస్ట్‌మ్యాన్ అనే టెస్టింగ్ టూల్. బొమ్మలో ఉన్న అక్షరాలు అక్షరాల కిందికి రావు, వాటిని వేరే పద్ధతిలో గుర్తుపట్టించాలి. ఆ సిస్టమ్ ఆ పని చేయలేదు.

ఇప్పుడు మార్కుల సంగతి. ఆ ఉద్యోగానికి వాళ్లు 100కి లెక్క పెట్టుకున్నారు: స్కిల్స్‌కి 50, అనుభవానికి 30, చదువుకి 10, ఊరికి 10. కటాఫ్ 60. ఎనిమిది స్కిల్స్ అడిగారు, నాకు ఆరు వచ్చు, అది నాలుగే చూసింది. అంటే 50లో 25. మూడేళ్లు అంటే 36 నెలలకు 30 మార్కులు, దానికి కనిపించిన 9 నెలలకు 7.5. చదువుకి పూర్తిగా 10. ఊరికి సున్నా. మొత్తం 42.5. తేదీ ఒక్కటి సరిగ్గా చదివి ఉంటే అనుభవానికి 30 పడేవి, మొత్తం 65 అయ్యేది. స్కిల్స్ తప్పు అలాగే ఉన్నా నేను కటాఫ్ దాటేవాణ్ని. అన్నీ సరిగ్గా చదివి ఉంటే 77.5.

నేను గ్యాప్ వల్ల పోయిందనుకుని రెండు నెలలు కుమిలిపోయాను. ఆ లెక్కలో గ్యాప్ అనే గడే లేదు. కారణం చెప్పకపోతే జరిగే నష్టం ఇదే. మనిషి తనలో లేని లోపాన్ని వెతుక్కుని దాన్ని సరిచేసుకునే పనిలో పడతాడు. నేను ఆ రెండు నెలల్లో గ్యాప్ కనిపించకుండా ఉండాలని కోర్సులో చేరి పన్నెండు వేలు కట్టాను. తీయాల్సింది ఒక కొటేషన్ గుర్తు.

ఊరి సంగతి కూడా చెప్పాలి, నాకు ఇప్పటికీ మండుతుంది. మా జిల్లా ఒకప్పుడు వరంగల్ అర్బన్, 2021 నుంచి హనుమకొండ. కొన్ని ఫారాల లిస్టులో పాత పేరే ఉంటుంది, కొన్నింటిలో వరంగల్ ఒక్కటే. ఇంగ్లిష్ స్పెల్లింగ్ Hanamkonda అని ఒకచోట, Hanumakonda అని ఇంకోచోట. ఏది ఎంచుకున్నా హైదరాబాద్ కాదు కాబట్టి మనకు సున్నా. హైదరాబాద్ వచ్చి ఉంటావా అని ఒక్క ప్రశ్న అడిగితే అందరం ఉంటామనే చెప్తాం. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల పిల్లలు పదేసి మార్కులు ఎందుకు పోగొట్టుకుంటున్నారో తెలియకుండానే పోగొట్టుకుంటున్నారు. ఊరిని బట్టి మార్కులు తీసేస్తే ఆ మాట ప్రకటనలోనే రాయాలి.

ఇక ఎలా చెప్పాలి అన్నదానికి నా దగ్గర ఒకటే కొలత ఉంది. గ్రూప్స్‌కి చదివినవాళ్లకు తెలుసు. పరీక్ష అయ్యాక కమిషన్ ప్రాథమిక కీ పెడుతుంది, ఓఎంఆర్ షీట్ స్కాన్ కాపీ చూసుకోనిస్తుంది, అభ్యంతరాలకు గడువు ఇస్తుంది. నేను దిద్దిన గడినే మెషీన్ చదివిందా లేదా అన్నది నేనే చూసుకోగలను. రెజ్యూమేకి కూడా అంతే కావాలి. అప్లై బటన్ నొక్కిన వెంటనే "మీ రెజ్యూమేలో మేం చదివింది ఇది" అని ఒక పేజీ చూపించాలి: ఏ ఉద్యోగానికి ఎన్ని నెలలు, ఏ స్కిల్స్, ఏ డిగ్రీ, ఏ ఊరు. తప్పుంటే నేను దిద్దే వీలుండాలి. రిజెక్ట్ చేస్తే, ఏ అంశానికి ఎన్నింటికి ఎన్ని పడ్డాయో, కటాఫ్ ఎంతో మెయిల్‌లో రాయాలి. మనిషి మళ్లీ చూడాలని అడిగేందుకు ఒక వారం గడువు ఇవ్వాలి.

ఇంకో ముఖ్యమైన మాట. ఆ స్కోరుతో ఏం చేస్తారో కూడా చెప్పాలి. చాలా కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ ఎవరినీ రిజెక్ట్ చేయదు, ఎక్కువ మార్కుల నుంచి తక్కువకు వరస పెడుతుంది. హెచ్‌ఆర్ మొదటి నలభై, యాభై చూసి ఆపేస్తారు. అడిగితే "తుది నిర్ణయం మనిషిదే" అంటారు. మూడు వందలో స్థానంలో ఉన్నవాణ్ని ఏ మనిషీ చూడలేదు కదా.

కొన్ని సిస్టమ్‌లలో ఇలా 50, 30 అని విడివిడి మార్కులు ఉండవు. పాత ఉద్యోగుల రెజ్యూమేలు చూపించి నేర్పించిన మోడల్ ఒకే అంకె ఇస్తుంది. అక్కడ కారణం చెప్పడం కష్టమంటారు. అమెరికాలో లోన్ తిరస్కరిస్తే ముఖ్య కారణాలేంటో బ్యాంకు రాసి ఇవ్వాలి, స్కోరు ఏ లెక్కతో వచ్చినా సరే. లోన్ స్కోరుకు కుదిరినప్పుడు ఉద్యోగం స్కోరుకు ఎందుకు కుదరదు? కారణం చెప్పలేని స్కోరుతో ఒకరి ఉద్యోగం తీసేయకూడదు. అమెజాన్ ఇలాగే ఒక మోడల్ చేయించుకుంది, అది ఆడవాళ్ల రెజ్యూమేలకు మార్కులు తగ్గిస్తోందని తెలిసి పక్కన పెట్టేశారు. 2018లో ఆ వార్త వచ్చింది. లోపల ఇంజనీర్లు చూశారు కాబట్టి బయటపడింది. అప్లై చేసినవాళ్లకు మాత్రం అది కనిపించే దారే లేదు.

లెక్క చెప్పేస్తే జనం రెజ్యూమేలో పదాలు దూర్చేస్తారని హెచ్‌ఆర్‌లో ఉన్న ఆ అక్క కూడా అన్నది. దూర్చేవాళ్లు ఇప్పుడూ దూరుస్తున్నారు. మనిషి కంటికి కనిపించకుండా తెల్ల రంగు అక్షరాలతో ప్రకటన మొత్తం కింద అతికించేవాళ్లున్నారు. అలాంటివి ఇంటర్వ్యూలో ఐదు నిమిషాల్లో బయటపడతాయి. రెజ్యూమేలు వడకట్టే ఈ సాఫ్ట్‌వేర్‌నే ఏటీఎస్ అంటారు. లెక్క దాచిపెట్టడం వల్ల బాగుపడేది "మీ ఏటీఎస్ స్కోరు 90 చేస్తాం" అని డబ్బులు తీసుకునేవాళ్లు మాత్రమే. అన్ని కంపెనీలకూ చెల్లే ఏటీఎస్ స్కోరు అనేది లేనే లేదు. ప్రతి కంపెనీ, ఒక్కోసారి ప్రతి ఉద్యోగానికీ, లెక్క వేరుగా పెట్టుకుంటుంది. ఆ సైట్ వేసిన 90కీ కంపెనీ వేసిన 42.5కీ సంబంధం ఉండదు.

కంపెనీ చెప్పాలా అని అడిగారు కాబట్టి, చట్టం సంగతి కూడా చూద్దాం. న్యూయార్క్ నగరంలో 2023 జూలై నుంచి ఒక నిబంధన అమలవుతోంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడేముందు పది పనిదినాల ముందే అభ్యర్థికి చెప్పాలి, ఏ లక్షణాలను చూస్తుందో కూడా చెప్పాలి. కానీ మీ స్కోరు ఇంత అని ఇవ్వమని అది అడగదు, నాకు ఆ లోటే పెద్దది. మన దగ్గర 2023 నాటి డేటా రక్షణ చట్టంలో, మన సమాచారంతో మన మీద నిర్ణయం తీసుకుంటే ఆ సమాచారం పూర్తిగా, సరిగ్గా ఉండేలా చూడాల్సిన బాధ్యత కంపెనీదేనని ఉంది. చూపించమని, దిద్దమని అడిగే హక్కూ ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ఈ సెక్షన్లు అమల్లోకి రావడానికి అక్కడి నుంచి 18 నెలల గడువు పెట్టారు. మార్కులు వేసిన పద్ధతి చెప్పాలని మాత్రం అందులో ఎక్కడా లేదు. తప్పు చదివిన తేదీని దిద్దించుకోవడానికి అది పనికొస్తుంది.

అప్పటిదాకా మీరు ఈ పని చేయండి. మీ పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ మాయమైన పదం సాఫ్ట్‌వేర్‌కూ దొరకదనే అనుకోండి. లైన్లు కలగాపులగంగా వస్తే ఒకే కాలమ్‌కి మార్చండి. తేదీలన్నీ 07/2019 లాగా ఒకే రకంగా రాయండి. సరిగ్గా పేస్ట్ అయినంత మాత్రాన తేదీలు సరిగ్గా లెక్కకట్టిందని కాదు, నా కొటేషన్ గుర్తు నోట్‌ప్యాడ్‌లో శుభ్రంగానే కనిపించింది.

నేను ఆ కంపెనీకి మళ్లీ అప్లై చేద్దామంటే ఆరు నెలల దాకా తీసుకోదని సిస్టమ్ ఆపేసింది. అక్క వాళ్ల మేనేజరును అడిగి చూసింది, ఆ పోస్టు సెప్టెంబరులోనే నిండిపోయిందట. ఆ తర్వాత నుంచి రిజెక్ట్ వచ్చిన ప్రతిచోటా కంపెనీ హెచ్‌ఆర్ మెయిల్ ఐడీ వెతికి రెండు ప్రశ్నలు పంపుతున్నాను: నా అనుభవం ఎన్ని నెలలని మీ సిస్టమ్‌లో పడింది, నా స్కిల్స్‌లో ఏవి కనిపించాయి? ఇప్పటికి పదకొండు కంపెనీలను అడిగాను. ఇద్దరు జవాబిచ్చారు. వాళ్లలో ఒకరి దగ్గర నా అనుభవం 41 నెలలని సరిగ్గానే పడింది, జావా తక్కువైందని చెప్పారు. ఆ రిజెక్ట్‌కి నాకు బాధ అనిపించలేదు, మర్నాటి నుంచి జావా మీద కూర్చున్నాను.